జేబు కింద మరక

ఇస్త్రీ చొక్కా చేతిలో పట్టుకుని మెస్సు లైన్లో నిలబడటమే శీను చేసిన పొరపాటు. వెనక ఎవరో తోశారు. గరిటెలోని సాంబారు చింది జేబు కింద పడింది. ఉన్నది ఆ ఒక్క తెల్లచొక్కా. రేపు రెండింటికి ఇంటర్వ్యూ.

పంపు దగ్గరికి పరుగెత్తి బట్టల సబ్బు రుద్దాడు. పసుపు మరక కాస్తా కుంకుమలా ఎర్రబడింది. గుండె జారిపోయింది. ఈ చొక్కా కోసం అమ్మ మూడు వారాల కూలి డబ్బులు దాచింది.

గిన్నెలు తోముతున్న యాదమ్మ చూసింది.

"సబ్బు పెట్టినవా బిడ్డా? పసుపుకు సబ్బు తగిల్తే గట్లనే ఎర్రగైతది. ఏం కాదు, మంచిగ జాడియ్యి."

వంటింట్లోంచి అరచెక్క నిమ్మకాయ తెచ్చి తనే పిండింది. ఎరుపు పోయి మళ్లీ లేత పసుపు తేలింది.

"మిగిలింది ఎండ సూస్కుంటది. పొద్దుగాల మిద్దె మీద ఆరెయ్యి. తడి ఆరితే మల్ల నీళ్లు సల్లు."

రాత్రంతా నిద్ర లేదు. ఆరున్నరకే మిద్దెక్కి, మరక సూర్యుడి వైపు ఉండేలా తీగ మీద పరిచాడు. పక్కనే కూర్చుని జవాబులు వల్లెవేస్తూ, అరగంటకోసారి నీళ్లు చల్లాడు. తొమ్మిదికి గోధుమరంగు నీడలా మిగిలింది. పదకొండుకి వెతికినా కనిపించలేదు.

మళ్లీ ఇస్త్రీకి టైము లేదు. స్టీలు గిన్నెలో వేడినీళ్లు పోసి, అడుగుతో మడతలు సాపు చేశాడు.

గేటు దగ్గర యాదమ్మ ఆపింది. జేబు కింద బట్టను వేళ్లతో లాగి, వెలుతురులో చూసింది.

"పో బిడ్డా, బస్సొస్తుంది."