విషయం: రెండో అంతస్తు కారిడార్ సీలింగ్ డ్రాయింగ్ – వారంగా మూడు పనులు ఆగి ఉన్నాయి

రవికుమార్ గారికి,

నమస్కారం. హాస్పిటల్ బ్లాక్ రెండో అంతస్తు కారిడార్ సీలింగ్ సర్వీసుల డ్రాయింగ్ పోయిన సోమవారమే మీ డిజైన్ టీమ్ నుంచి సైటుకు రావాల్సింది. ఈ మంగళవారానికి వారం దాటింది, ఇంకా రాలేదు. ఏసీ డక్టు, స్ప్రింక్లర్ పైపు, కేబుల్ ట్రే మూడూ దాని కోసమే ఆగి ఉన్నాయి. మీ టీమ్‌లో సురేష్ గారిని రోజూ అడుగుతూనే ఉన్నాను. ఆయనకు ఇంకో సైటు పని కూడా అప్పగించారట, ఇది ముందుకు కదలట్లేదు. ఆయన్ని తప్పుపట్టడం లేదు. ఎవరిని ఏ పనిలో పెట్టాలన్నది మీరే చెప్పాలి కాబట్టి నేరుగా మీకు రాస్తున్నాను.

చిక్కంతా లిఫ్టు లాబీ నుంచి ఆపరేషన్ థియేటర్ల తలుపు దాకా ఉన్న ముప్ఫై మీటర్లలోనే. అక్కడ బీము అడుగు 3 మీటర్ల ఎత్తులో ఉంది, ఫాల్స్ సీలింగ్ 2.6 మీటర్లకు రావాలి. మధ్యలో ఉన్నది 400 మిల్లీమీటర్లు. డక్టు లోతు 300, పైనా కిందా ఇన్సులేషన్ కలిపితే 350. మిగిలిన 50 సీలింగ్ ఫ్రేముకే చాలదు. పాత డ్రాయింగులో 100 మిల్లీమీటర్ల స్ప్రింక్లర్ మెయిన్ పైపు సరిగ్గా ఆ బీము కిందే డక్టును దాటుతోంది! డక్టు లోతు తగ్గించి వెడల్పు పెంచుతారా, పైపును రెండు బీముల మధ్యకు జరుపుతారా అన్నది మీవాళ్లు తేల్చాలి. మేస్త్రీలకు తోచినట్టు వేసుకోమంటే రేపు విప్పించాల్సింది కూడా మేమే.

సైజులు తెలియక డక్టు వర్క్‌షాపులో రేకు కోయడం లేదు. స్ప్రింక్లర్ వాళ్లను సెల్లార్‌లో చిల్లర పనులకు మళ్లించాం, అవీ రేపటితో అయిపోతాయి. మనుషులు ఖాళీగా కూర్చున్న రోజులకు కూడా బిల్లు వేస్తానని ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ శనివారం మెయిల్ పెట్టారు. దాన్ని కింద జతచేశాను.

డ్రాయింగ్ మొత్తం ఒకేసారి ఇవ్వమనడం లేదు. ఆ ముప్ఫై మీటర్ల భాగం రేపు బుధవారం సాయంత్రం ఐదింటిలోపు ఇవ్వండి. ప్రింటు మీద పెన్నుతో మార్క్ చేసి సంతకం పెట్టి స్కాన్ పంపినా పని మొదలుపెట్టిస్తాను. మిగతాది శనివారానికి వస్తే సరిపోతుంది. బీముల లెవెల్స్ మళ్లీ కొలిపించి షీటు పంపుతున్నాను. ఇంకేదైనా కొలత కావాలంటే ఫోన్ చేయించండి, మా సైట్ ఇంజనీర్ అక్కడికక్కడే చూసి చెబుతారు.

ఎవరు చేస్తున్నారో, రేపటికి అవుతుందో లేదో ఈ సాయంత్రంలోగా ఒక్క మాట చెప్పండి. రేపటికి రాకపోతే గురువారం రివ్యూలో ప్రాజెక్ట్ డైరెక్టర్ గారి ముందు పెట్టక తప్పదు. అక్కడే మొదటిసారి వినడం మీకు బాగుండదని ముందే చెబుతున్నాను. మీటింగ్ దాకా రాకుండా మనమే తేల్చుకుంటే నాకూ సంతోషమే.

ఇట్లు,
మాధవి
ప్రాజెక్ట్ కోఆర్డినేటర్

కాపీ: సురేష్ గారు, సైట్ ఇంజనీర్
జతపరిచినవి: బీము లెవెల్స్ షీటు, కాంట్రాక్టర్ మెయిల్