మా పాప సహస్ర గురించి బంధుమిత్రులందరికీ

అత్తయ్యలు, మామయ్యలు, పిన్నులు, బాబాయిలు, అన్నయ్యలు, వదినలు, మరదళ్ళు, స్నేహితులు అందరికీ,

మా పాప 2025 నవంబరు 12, బుధవారం తెల్లవారుజామున 4 గంటల 40 నిమిషాలకు తెనాలిలో పుట్టింది. పుట్టేటప్పటికే ప్రాణం లేదు. 2 కిలోల 650 గ్రాముల బరువు, 48 సెంటీమీటర్ల పొడుగు, తల నిండా నల్లటి జుట్టు. బారసాల చేయలేకపోయినా పేరు పెట్టాం: సహస్ర. అదే రోజు మధ్యాహ్నం ఊరి శ్మశానంలో ఖననం చేశాం. పసిబిడ్డలకు దహనం, కర్మకాండ ఉండవు కాబట్టి పెద్దకర్మ, భోజనాలు ఏమీ లేవు. మా ఇంటి పద్ధతి ప్రకారం 22వ తేదీ శనివారం పదకొండో రోజు స్నానాలతో మైల తీరుతుంది. దానికి ఎవరూ ప్రయాణం పెట్టుకోనక్కర్లేదు.

బారసాలకని డిసెంబరు మొదటివారంలో టికెట్లు తీసుకున్నవాళ్ళు దయచేసి రద్దు చేసుకోండి. హాలు, వంటవాళ్ళ సంగతి శ్రీనివాస్ అన్నయ్య చూసుకున్నాడు.

ఒక్కొక్కరికీ ఫోన్‌లో మొదటినుంచీ చెప్పే శక్తి మా ఇద్దరికీ లేదు. అందుకే జరిగింది ఇక్కడే పూర్తిగా రాస్తున్నాం. ఇది చదివాక మళ్ళీ శైలజను అడగకండి.

37 వారాలు నిండాయి. 10వ తేదీ సోమవారం సాయంత్రం కదలికలు తగ్గాయని అనిపించిన రెండు గంటల్లోపే ఆసుపత్రికి వెళ్ళాం. స్కాన్‌లో గుండె చప్పుడు లేదు. వేరే డాక్టరు గారు మళ్ళీ చూసి అదే మాట చెప్పారు. మందులతో నొప్పులు రప్పించి మామూలు కాన్పే చేయించారు. ఇలాంటప్పుడు తల్లి ప్రాణానికి వేరే ప్రమాదం లేకపోతే ఆపరేషన్ చేయరు. కోత గాయం, తర్వాతి కాన్పుకు మిగిలే మచ్చ, రెండూ తప్పుతాయి. "వెంటనే ఆపరేషన్ చేసి తీయొచ్చుగా" అని అప్పుడే ఇద్దరు అడిగారు కాబట్టి ఇది రాశాం.

కారణం: బొడ్డుతాడులో గట్టిగా బిగిసిన ముడి. పుట్టినప్పుడు డాక్టరు గారే చూపించారు. నెలలు తక్కువగా ఉండి, కడుపులో తిరగడానికి చోటు ఎక్కువున్నప్పుడు బిడ్డ తాడు మడతలోంచి దూరితే ముడి పడుతుంది. చాలామంది బిడ్డల్లో అది వదులుగానే ఉండిపోతుంది, ఏమీ కాదు. బిగిస్తే రక్తం ఆగిపోతుంది. మామూలు స్కానుల్లో ఈ ముడి చాలాసార్లు కనిపించదు. మావిని పరీక్షకు పంపారు. శైలజకు షుగరు, థైరాయిడ్, ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టే లక్షణాల పరీక్షలు జరిగాయి. అన్ని రిపోర్టులూ చేతికి రావడానికి మూడు వారాలు పడుతుంది. వాటిలో కొత్త విషయం ఉంటే మేమే చెబుతాం.

సెప్టెంబరు 7 రాత్రి చంద్రగ్రహణం నాడు శైలజ నైట్ డ్యూటీలో ఉంది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. బొప్పాయికి లేదు, విజయవాడ నుంచి తెనాలికి కారు ప్రయాణానికి లేదు, చేతులు పైకెత్తి బట్టలు ఆరేసినందుకు లేదు, దిష్టికి లేదు. ఇది పేగు మెడకు వేసుకుని పుట్టడం కూడా కాదు, అది వేరు. కాబట్టి మేనమామకు గండం అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తవద్దు. పాపను మట్టిలో పడుకోబెట్టింది ఆ మేనమామే.

మా కుటుంబాల్లో ఇప్పుడు కడుపుతో ఉన్నవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళకు ఒక్క మాట. నెలలు నిండేకొద్దీ చోటు చాలక బిడ్డ కదలికలు తగ్గుతాయని పెద్దవాళ్ళు అంటారు. అది తప్పు. చివరి వారాల్లో కదలిక తీరు మారవచ్చు గానీ తగ్గకూడదు. రోజూ కదిలే తీరు తగ్గిందనిపిస్తే తీపి తిని పడుకుని చూడటం, తెల్లారేదాకా ఆగడం, ఇంట్లో చిన్న డాప్లర్ మిషన్ పెట్టి వినడం, ఇవేవీ వద్దు. ఆ మిషన్లో తల్లి రక్తనాళం చప్పుడే బిడ్డ గుండెలా వినిపించవచ్చు. అర్ధరాత్రయినా కాన్పుల వార్డుకు వెళ్ళండి. పదిసార్లు వెళ్ళి పదిసార్లూ అంతా బాగుందని ఇంటికి వచ్చినా పరవాలేదు. మేము త్వరగానే వెళ్ళినా మా పాప దక్కలేదు. అలాగని త్వరగా వెళ్ళడం వృథా అని అనుకోకండి.

ఇక శైలజ. బిడ్డ ఒడిలో లేకపోయినా ఆమె బాలింతే. రక్తస్రావం నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటుంది, నడుము నొప్పి ఉంటుంది, కాన్పయిన మూడో రోజున పాలు వచ్చాయి. పాలు ఆగడానికి మొదటిరోజే డాక్టరు గారు మాత్ర ఇచ్చారు, అయినా కొంత బరువు ఉంది. చల్లటి గుడ్డ వేస్తున్నాం, అమ్మమ్మ గారు చెప్పినట్టు మల్లెపూలు కూడా కడుతున్నాం, నెమ్మదిగా తగ్గుతోంది. గుడ్డతో బిగించి కట్టమని మాత్రం చెప్పకండి. బిగిస్తే పాలు గడ్డకట్టి వాపు, జ్వరం వస్తాయి. పూర్తిగా పిండేయమనీ చెప్పకండి. పిండేకొద్దీ ఇంకా పడతాయి. భరించలేనంత బరువైతే ఉపశమనానికి కాస్త తీస్తే చాలు.

అందువల్ల పాలు పడటానికని బాలింతలకు పెట్టే మెంతి లడ్లు, సొరపిట్టు, బాలింత కాయం దయచేసి పంపవద్దు. ఆ డబ్బా మూత తీసినా ఆమెకు ఏడుపు వస్తోంది. చారు, పెసరకట్టు, ఇడ్లీ, మెత్తటి అన్నం, ఒక ఆకుకూర, ఇవైతే మాకు ఎంతో సాయం. మధ్యాహ్నం భోజనం సోమవారం, బుధవారం పద్మ పిన్ని, మంగళవారం, గురువారం పక్కింటి సరోజిని గారు తెస్తున్నారు. శుక్రవారం నుంచి ఆదివారం వరకు ఎవరూ లేరు. తేగలిగినవాళ్ళు మా మరదలు కీర్తికి చెప్పండి, జాబితా తన దగ్గరే ఉంది. నలుగురికి సరిపడా చాలు. గిన్నెలు తిరిగి ఇచ్చే పని పెట్టకుండా వదిలేసే డబ్బాల్లో తెండి.

పరామర్శకు రావాలనుకునేవాళ్ళు 22 తర్వాత, సాయంత్రం 5 నుంచి 7 లోపు, ముందుగా కీర్తికి చెప్పి రండి. ఒకేసారి ఇద్దరు ముగ్గురికి మించి వద్దు. శైలజ గదిలోంచి రాకపోతే లోపలికి వెళ్ళి లేపకండి. డాలస్‌లో ఉన్నవాళ్ళు మీకు రాత్రి అయ్యాక చేస్తే మాకు ఉదయం అవుతుంది, ఆ వేళ రవి ఫోన్ ఎత్తగలడు. మెసేజ్ పెడితే జవాబు రాకపోవచ్చు, చదువుతాం.

ఏం మాట్లాడాలో తెలియక చాలామంది ఆగిపోతున్నారని మాకు తెలుసు. "సహస్ర విషయం తెలిసింది, మేమున్నాం" అంటే చాలు. పక్కన కూర్చుని ఏమీ అనకపోయినా చాలు. "మళ్ళీ పుడుతుందిలే", "పెద్దవాడు ఉన్నాడుగా", "ముఖం చూసుకోకపోవడమే మంచిదయ్యింది", "అలవాటు పడకముందే పోయింది", ఈ నాలుగు మాటలూ వద్దు. మేము ముఖం చూశాం. మూడు గంటలు ఇద్దరం ఎత్తుకున్నాం, నర్సమ్మలు స్నానం చేయించి బట్టలు వేశారు, కాళ్ళ ముద్రలు తీసి ఇచ్చారు. ఆ ముద్రలూ రెండు ఫోటోలూ మా దగ్గరున్నాయి. చూడాలనుకున్నవాళ్ళకు ఇంట్లో చూపిస్తాం. ఏ గ్రూపులోనూ పెట్టవద్దు, ఎవరికీ పంపవద్దు.

మా బాబు చిన్నూకు నాలుగున్నరేళ్ళు. వాడితో మేము చెప్పింది ఇది: "చెల్లి కడుపులోనే చనిపోయింది. చెల్లి గుండె కొట్టుకోవడం ఆగిపోయింది. ఇంటికి రాదు. నువ్వు చేసింది ఏదీ కాదు, అమ్మ చేసింది ఏదీ కాదు." మీరూ ఇవే మాటలు వాడండి. చెల్లి నిద్రపోయింది అంటే వాడు పడుకోవడానికి భయపడతాడు. దేవుడు తీసుకెళ్ళాడు అంటే తననూ తీసుకెళ్తాడనుకుంటాడు. ఆసుపత్రిలో ఉంది అంటే ఎదురుచూస్తూ కూర్చుంటాడు. అడిగిందే పదిసార్లు అడుగుతాడు, పదిసార్లూ అదే జవాబు చెప్పండి. సోమవారం నుంచి బడికి వెళ్తాడు, టీచరు గారికి చెప్పాం.

ఉయ్యాల, డాలస్ వదిన పంపిన బట్టల పెట్టె విజయవాడ ఇంట్లో ఉన్నాయి. శైలజ వెళ్ళేలోపు తీసేస్తే మంచిదని కొందరు అన్నారు. వద్దు. ఏది ఉంచాలో ఏది ఇవ్వాలో తను చెప్పినప్పుడు, తన ఎదుటే చేద్దాం.

ఆఫీసుల సంగతి. ఆసుపత్రి వాళ్ళు మృత శిశు జననంగా నమోదుకు పంపుతున్నారు, గడువు 21 రోజులు. ఆ ఫారంలో బిడ్డ పేరు రాసే చోటు లేదు. శైలజ ఎప్పుడు డ్యూటీలో చేరుతుందని సహోద్యోగులు అడుగుతున్నారు. కాన్పు నాటికి అమల్లో ఉన్న 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలో బిడ్డ అంటే మృతశిశువు కూడా, కాబట్టి 26 వారాల సెలవు అలాగే వర్తిస్తుంది. ఎప్పుడు చేరేదీ తనే చెబుతుంది.

డిసెంబరులో మా ఇంట్లో ఒక సీమంతం ఉంది. అది ఆపవద్దు, వాయిదా వేయవద్దు, శైలజను పిలవడం మానవద్దు. వస్తుందో రాదో ఆ రోజు తన మనసును బట్టి ఉంటుంది. వస్తే గాజులు తొడగనివ్వండి, పక్కకు తప్పించకండి. రాకపోతే ఎవరూ నొచ్చుకోకండి.

రవి బయటకు మామూలుగా తిరుగుతున్నాడు కదా అని "నువ్వు ధైర్యంగా ఉండి ఆమెను చూసుకో" అని మాత్రమే చెప్పకండి. వాడినీ అడగండి. రాత్రిళ్ళు బొత్తిగా నిద్ర లేకపోయినా, బతకాలని లేదనిపించినా ఫోన్ చేయడానికి టెలి మానస్ నంబరు 14416 ఫ్రిజ్ మీద రాసి పెట్టాం. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. పక్కన ఉండే మీ అందరికీ కూడా ఆ నంబరు తెలిసి ఉండాలి.

ఇకమీదట ఎంతమంది పిల్లలని ఎవరు అడిగినా మేము ఇద్దరనే చెబుతాం: చిన్నూ, సహస్ర. మీ నోటి వెంటా ఆ పేరు వినాలని ఉంది.

రవికిరణ్, శైలజ
తెనాలి, 2025 నవంబరు 16, ఆదివారం