బావ స్కూటర్ ఆర్‌సీ వివరాలు (ఫోటో చూసి టైప్ చేసినవి)

అక్కా, కిచెన్ గట్టు మీద పెట్టి తీసిన మొదటి ఫోటోలో ట్యూబ్‌లైట్ సరిగ్గా ఇంజన్ నంబర్ మీదే పడింది, అందుకే కిటికీ దగ్గర ఫ్లాష్ లేకుండా మళ్లీ తీయమన్నాను. రెండోది బాగుంది, దాన్ని పెద్దది చేసుకుని ఒక్కో అక్షరం చూసి రాశాను. రాత్రికి ఇన్సూరెన్స్ కట్టేటప్పుడు ఇవే వాడు. చాసిస్, ఇంజన్, బండి నంబర్లు మాత్రం నువ్వు కొట్టకు, కాపీ చేసి పేస్ట్ చెయ్.

బండి నంబర్:
```
TS11EH4072
```
ఇప్పుడు కొత్త బండ్లకు TG వస్తోంది కదా అని దీన్ని మార్చకు. 2024 మార్చికి ముందు రిజిస్టర్ అయినవి TS తోనే ఉంటాయి, ఫారంలో కూడా TS అనే పెట్టాలి.

ఓనర్ పేరు: `K SRINIVAS`. కార్డులో ఇంతే ఉంది, ఇంటిపేరు పూర్తిగా లేదు. ఆధార్‌లో పూర్తిగా ఉన్నా ఇక్కడ కార్డులో ఉన్నట్టే.

తండ్రి పేరు: `K NARASIMHA`

అడ్రస్: మూసారాంబాగ్, హైదరాబాద్, 500036. ముందున్న ఇంటి నంబర్ మీద తాళాలు గీసుకుని గీతలు పడ్డాయి, రెండు ఫోటోల్లోనూ కనబడలేదు, ఊహించి రాయలేదు. ఎలాగూ అది మీ పాత ఇల్లు, పాలసీకి ఇప్పుడున్న అడ్రస్ ఇవ్వు.

రిజిస్ట్రేషన్ తేదీ: 19-08-2017
ఎప్పటి వరకు: 18-08-2032
ఆర్టీఏ: మలక్‌పేట
ట్యాక్స్: లైఫ్ ట్యాక్స్
కంపెనీ: హోండా మోటార్‌సైకిల్ అండ్ స్కూటర్ ఇండియా
మోడల్: యాక్టివా 4జీ
తయారైన నెల: 07/2017. రిజిస్ట్రేషన్ ఆగస్టు, తయారీ జులై, ఫారంలో అడిగేది ఏదో చూసుకుని పెట్టు.
రంగు: నలుపు. ఇంధనం: పెట్రోల్. సీట్లు: 2.
లోన్ గడి: గీత ఒక్కటే ఉంది, అంటే ఏ బ్యాంకు పేరూ లేదు.

చాసిస్ నంబర్:
```
ME4JF504FHT285163
```
చూసి సరిపోల్చుకోవాలంటే ఇలా విడగొట్టుకో: ME4J, F504, FHT2, 85163. మొత్తం 17. ఫారంలో మాత్రం ఖాళీలు లేకుండా పెట్టాలి. మొదటి F తర్వాత వచ్చేది అంకె 5, S కాదు. దాని పక్కది సున్నా. చాసిస్ నంబర్‌లో I, O, Q అనే అక్షరాలు అసలు వాడరు, కాబట్టి గుండ్రంగా కనబడింది ఎప్పుడూ సున్నానే. పదోది H, అది 2017కి గుర్తు, కార్డు మీద తయారీ ఏడాదితో కలిసింది.

ఇంజన్ నంబర్:
```
JF50ET3418608
```
మొత్తం 13. ఇలా చదువు: JF50, ET3, 418, 608. ఇందులోనే నాకు టెన్షన్ పెట్టింది పదో స్థానంలో ఉన్న 8. మొదటి ఫోటోలో ఎడమ సగం వెలుగులో కొట్టుకుపోయి అచ్చం 3 లాగే ఉంది, నేను 3 అనే రాసుకున్నాను కూడా. రెండో దాంట్లో చివర ఉన్న 8తో పోల్చి చూస్తే రెండూ ఒకటే ఆకారం, ఎడమ వైపు మూసుకునే ఉంది. దాని ముందు ఏడో స్థానంలో ఉన్న 3 మాత్రం ఎడమ వైపు విప్పుకుని ఉంది, అది నిజంగా 3నే. మొదట్లో JF50 అనేది చాసిస్‌లోనూ ఉంది చూడు (నాలుగో అక్షరం నుంచి), అది మోడల్ కోడ్, కాబట్టి ఇక్కడ కూడా 5 తర్వాత సున్నానే.

ఇంతలా ఎందుకు చెబుతున్నానో నీకు తెలుసు. పోయినేడు బావ చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద స్కిడ్ అయ్యి క్లెయిమ్ పెడితే, పాలసీలో JF504 బదులు JFS04 అని ఉందని చెప్పి ముందు పాలసీ దిద్దించుకురమ్మన్నారు. ఏజెంట్ కార్డు చూడకుండా ఫోన్‌లో చదివించుకుని కొట్టాడట, ఫోన్‌లో "ఫైవ్" వినబడలేదేమో మరి. బండి షెడ్డులో, బావ మోకాలికి కట్టుతో ఆటోల్లో తిరగడం, అదంతా మళ్లీ వద్దు.

అందుకే పాత పాలసీ కాగితం చూసి మాత్రం ఏమీ ఎక్కించకు, ఆ తప్పు అందులో ఇంకా ఉండొచ్చు. పేజీలో పాత వివరాలు వాటంతట అవే వచ్చి కూర్చుంటే చెరిపేసి వీటిని పెట్టు. డబ్బు కట్టే ముందు వచ్చే ఆఖరి పేజీ స్క్రీన్‌షాట్ నాకు పంపు, పదింటి దాకా మేలుకునే ఉంటాను. బావని రేపు పొద్దున బండి తుడిచేటప్పుడు చాసిస్ మీద కొట్టిన నంబర్ కూడా ఒక ఫోటో తీయమను, గ్రీజు గుడ్డతో తుడిచి తీయాలి, లేకపోతే అందులో కూడా 8 నాకు 3గానే కనబడుతుంది.