ఉగాది బంతి భోజనాలకు కేటరింగ్ ప్రతిపాదనల ఆహ్వానం

బెంగళూరు, 30 జనవరి 2026

కేటరింగ్ నిర్వాహకులకు నమస్కారం.

పరాభవ నామ సంవత్సర ఉగాది మార్చి 19, గురువారం వస్తోంది. ఆఫీసులకు సెలవు దొరకనివారు మాలో చాలామంది ఉన్నారు కాబట్టి, మారతహళ్లి తెలుగు కుటుంబాలన్నీ కలిసి చేసుకునే వేడుకను మార్చి 22, ఆదివారానికి పెట్టుకున్నాం. ఆ రోజు మధ్యాహ్నం భోజనాలకు మీ ప్రతిపాదన పంపమని కోరుతున్నాం. ఇదే లేఖ, ఇవే షరతులతో, ఈ రోజే ఆరుగురు కేటరర్లకు పంపాం. ఒకరి రేటు ఇంకొకరికి చెప్పం, ఒకరి రేటు చూపించి ఇంకొకరిని బేరమాడం.

పెద్దలు 450 మంది, పిల్లలు 60 మంది వస్తారని అంచనా. బఫే వద్దు. అరిటాకుల్లో, కూర్చోబెట్టి వడ్డించాలి. హాల్లో ఒక బంతికి 170 మంది పడతారు, అంటే మూడు బంతులు. మొదటి బంతి 12 గంటలకు లేవాలి కాదు, కూర్చోవాలి. పంచాంగ శ్రవణం ఎంత సాగినా సరే, ఆ సమయానికి ఆకులు వేసి ఉండాలి. ఖాయమైన సంఖ్య మార్చి 18 సాయంత్రంలోగా చెబుతాం. అంతకంటే పది శాతం ఎక్కువ వచ్చినా అదే రేటుకు సర్దగలగాలి.

వంటకాలు: ఉగాది పచ్చడి, బొబ్బట్లు, గారెలు, పులిహోర, మామిడికాయ పప్పు, గుత్తివంకాయ, బెండకాయ వేపుడు, మజ్జిగ పులుసు, గోంగూర పచ్చడి, కందిపొడి, నెయ్యి, అన్నం, అప్పడం, పెరుగు. పచ్చడిలో వేపపువ్వు నిజంగా ఉండాలి, నోటికి చేదు తెలియాలి. బొబ్బట్లు శనగపప్పు పూర్ణంతో, అక్కడికక్కడే పెనం మీద కాల్చి వడ్డించాలి. పొద్దున్నే కాల్చి డబ్బాల్లో తెచ్చినవి మాకొద్దు. నిరుడు రెండో బంతి మధ్యలోనే బొబ్బట్లు అయిపోయి, మూడో బంతిలో కూర్చున్న పెద్దవాళ్ల ముందు తల దించుకోవాల్సి వచ్చింది. అందుకే ఈసారి మనిషికి రెండు చొప్పున పిండి, పూర్ణం ఎన్ని కిలోలు తెస్తారో ప్రతిపాదనలోనే రాయండి.

హాలు వెనక వంటగది ఉంది, నీటి కుళాయిలు రెండు. గ్యాస్ సిలిండర్లు, పాత్రలు, తాగడానికి 20 లీటర్ల క్యాన్లు మీవే. కట్టెల పొయ్యికి హాలువాళ్లు ఒప్పుకోరు. ప్లాస్టిక్ గ్లాసులు, థర్మకోల్ ప్లేట్లు వాడకూడదు. తడి చెత్త, పొడి చెత్త విడదీసి అప్పగించాలి. ముందు రోజు సాయంత్రం 6 తర్వాత సామాను దింపుకోవచ్చు.

మీరు పంపాల్సినవి: 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరుతో కాపీ, జీఎస్టీ వివరాలు, వంటమనుషులు ఎందరు, వడ్డించేవారు ఎందరు, ఈ మధ్య 300 మందికి పైగా వడ్డించిన రెండు శుభకార్యాల వివరాలు. పెద్దలకు ప్లేటు ధర, పిల్లలకు ప్లేటు ధర, జీఎస్టీ, రవాణా విడివిడిగా చూపించండి. ధరల కాగితం మాత్రం వేరే ఫైల్‌గా పంపండి. రుచి చూసేవాళ్లకు ధర తెలియకూడదని ఈ ఏర్పాటు.

మార్కులు వందకు ఇలా వేస్తాం:

రుచి – 40
ధర – 25 (తక్కువ ధరకు పూర్తి మార్కులు, మిగతావారికి ఆ నిష్పత్తిలో)
వడ్డన, మనుషుల సంఖ్య – 20
శుభ్రత, లైసెన్సులు – 15

రుచిలో 24 మార్కులు రాకపోతే ధర ఫైల్ తెరవం. ఎంత చవకైనా అంతే. రుచి చూడటం ఫిబ్రవరి 22, ఆదివారం ఉదయం 11 గంటలకు. పులిహోర, పప్పు, గుత్తివంకాయ, బొబ్బట్టు పదిమందికి సరిపడా తెస్తే చాలు, ఆ ఖర్చు మేమే ఇస్తాం. గిన్నెల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి.

సందేహాలుంటే ఫిబ్రవరి 9, సోమవారంలోగా రాసి పంపండి. ఎవరడిగినా జవాబు 11న ఆరుగురికీ ఒకేసారి వెళ్తుంది. ఫోన్లో విడిగా ఏమీ చెప్పం, తెలిసినవాళ్లతో చెప్పించినా లాభం లేదు. ప్రతిపాదన చేరడానికి ఆఖరి గడువు ఫిబ్రవరి 16, సోమవారం సాయంత్రం 5 గంటలు. ముందురోజు శివరాత్రి, జాగారాలు ఉంటాయి కాబట్టి కాస్త ముందే పంపడం మీకే మంచిది. 5 దాటి వచ్చినవి చూడం. ఈ లేఖ వచ్చిన ఈమెయిల్‌కే జవాబుగా పంపండి.

ఫలితం ఫిబ్రవరి 25న ఆరుగురికీ తెలియజేస్తాం, ఎంపిక కానివారికి వారి మార్కులతో సహా. ఒప్పందం 28లోగా. అడ్వాన్స్ 30 శాతం ఒప్పందం రోజు, 50 శాతం మార్చి 22 ఉదయం, మిగతాది మూడు రోజుల్లో బ్యాంకు ద్వారా ఇస్తాం. ఏ వంటకమైనా మూడో బంతికి అందకపోతే మొత్తం బిల్లులో 5 శాతం తగ్గిస్తాం. ఈ షరతుకు ఒప్పుకుంటున్నట్టు ప్రతిపాదనలో ఒక వాక్యం రాయండి.

ఇట్లు,
కార్యదర్శి, భోజనాల కమిటీ
ఉగాది వేడుకలు, మారతహళ్లి