చరణ్ అంగ పొడవు

తొమ్మిదో తరగతికి లెక్కల మాస్టారు ఆగస్టు మొదటి వారంలో ఇచ్చిన ప్రాజెక్టు ఒకే వాక్యంలో ఉంది: ‘మన బడి ఆటస్థలాన్ని మీ నడకతో కొలిచి, 1:500 స్కేలులో పటం గీసి, విస్తీర్ణం సెంట్లలో తెలపండి.’ డ్రిల్లు మాస్టారి గదిలో ఉన్న యాభై మీటర్ల టేపును రెండు పనులకు మాత్రమే ముట్టుకోవచ్చని ఆయన షరతు పెట్టారు. ఎవరి అంగ ఎంతో తెలుసుకోవడానికి ఒకసారి, పని అంతా అయ్యాక ఏదో ఒక వైపును సరిచూసుకోవడానికి మరొకసారి.

చరణ్‌కు మొదట ఈ షరతులోని మొదటి సగం అనవసరమనిపించింది. ఒక అంగకు ఒక మీటరు చొప్పున వేస్తే లెక్క తేలిక కదా అనుకుని, ఆ సాయంత్రం బడి వదలగానే గేటు పక్క మూల నుంచి మర్రిచెట్టు మూల దాకా కాళ్లు బాగా సాచి నడిచాడు. తొంభై నాలుగు అంగలు వచ్చాయి. నమ్మకం కోసం మళ్లీ నడిస్తే నూట ఒకటి వచ్చాయి. మూడోసారికి తొడలు లాగుతుండగా లెక్క నూట ఎనిమిది దగ్గర ఆగింది. మైదానం అంగుళం కూడా కదలలేదు, కానీ అరగంటలో పద్నాలుగు మీటర్లు పెరిగింది. తరగతిలో అందరికంటే పొట్టివాడైన తనకు ఈ ప్రాజెక్టు కుదరదని, పొడుగుకాళ్ల వాళ్లకే ఇది చేతనవుతుందని అతనికి గట్టిగా అనిపించి, రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

తాతయ్య అరుగు మీద కూర్చుని అదంతా విన్నాడు. సర్వే శాఖలో ముప్పై ఏళ్లు చైన్‌మన్‌గా పనిచేసి, ఆ జిల్లాలోని పొలంగట్లన్నీ గొలుసు పట్టుకుని తిరిగిన మనిషి ఆయన. ఇప్పుడు మోకాళ్లు అరిగి, వీధి చివరిదాకా వెళ్లాలన్నా కర్ర కావాలి.

“నీ అంగ మీటరు ఉండాలని నువ్వు ముందే తీర్పు చెప్పేశావురా. గొలుసును మేము అలా తిట్టేవాళ్లం కాదు. రోజూ లాగీ లాగీ లింకులు సాగిపోయేవి. అందుకని పని మొదలుపెట్టే ముందు దాన్ని సరైన కొలతతో పోల్చి, ఎంత సాగిందో పుస్తకంలో రాసుకునేవాళ్లం. సాగినా ఫరవాలేదు, ఎంత సాగిందో తెలిస్తే చాలు. నీ కాలూ అంతే. అది ఎంత వేయాలో దానికి చెప్పకు, ఎంత వేస్తుందో దాన్నే అడుగు.”

“ఎలా అడగాలి తాతయ్యా?”

“బజారుకు ఉప్పు తేవడానికి వెళ్తున్నట్టు నడువు. నడుస్తున్నానని నీకే గుర్తుండకూడదు.”

మర్నాడు శనివారం. మధ్యాహ్నం బడి అయ్యాక ప్రసన్నా, చరణూ జెండా దిమ్మె ఎదురుగా ఉన్న గట్టినేల మీద టేపు పరిచి, రెండు చివరలా సున్నంతో గీతలు గీసి, టేపును చుట్టేసి పక్కన పెట్టారు. గీతకు మడమ ఆనించి బయలుదేరడం, నేలమీద పడే ప్రతి పాదాన్నీ ఒకటిగా లెక్కించడం, ఆఖరి గీత దగ్గర మిగిలేది సగం అంగకు తక్కువైతే వదిలేయడం అని ముందే మాట అనుకున్నారు. కానీ ఉప్పుకు వెళ్తున్నట్టు నడవడం అనుకున్నంత సులువుగా లేదు. ప్రసన్న చూస్తోందన్న స్పృహతోనే అతని కాలు కొంచెం ముందుకు పడేది. మొదటిసారి డెబ్బై ఆరు వచ్చినప్పుడు చరణ్ తనంతట తానే తల అడ్డంగా తిప్పి, ఇది నా నడక కాదు అన్నాడు. అప్పుడు ప్రసన్న అతనికి వీపు తిప్పి నిలబడి, రాత్రి వాళ్లింట్లో దూడ తాడు తెంపుకుని పారిపోయిన సంగతి గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. ఆ కథ వింటూ, పెదవులతో మాత్రం అంకెలు లెక్కిస్తూ నడిచిన నాలుగుసార్లూ, వెళ్లేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు, వరుసగా 82, 80, 81, 81 వచ్చాయి. మొత్తం 324 అంగలకు 200 మీటర్లు. భాగించి చూస్తే ఒక అంగ 0.617 మీటరు.

మీటరుకు ఇంత దూరంలో ఉన్న ఆ అంకెను చూసి చరణ్‌కు సిగ్గు కలగకపోగా, ఎందుకో ధైర్యం వచ్చింది. పొడుగుకాళ్ల మిత్రుడి నాలుగు నడకలూ 66, 71, 64, 69గా వచ్చాయని అంతకుముందే తెలిసింది. తన నాలుగు అంకెల మధ్య తేడా రెండే. అంగ ఎంత పొడవన్నది కాదు, ఎంత నిలకడగా పడుతుందన్నదే ఈ పనికి కావలసిందని అతనికి అప్పుడు అర్థమైంది.

అసలు కొలత మొదలుపెట్టాక మరో చిక్కు వచ్చింది. మర్రిచెట్టు వైపు డెబ్బై ఎన్నో అంగలో ఉండగా ఎవరో ‘ఒరేయ్ చరణ్’ అని పిలవడంతో అంకె జారిపోయింది. వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ సంగతి విన్న లెక్కల మాస్టారు, 1865లో సర్వే వాళ్ల పనిమీద నేపాల్ మీదుగా టిబెట్‌లోని లాసాకు రహస్యంగా నడిచి వెళ్లిన నైన్ సింగ్ కథ చెప్పారు. ఎగుడైనా దిగుడైనా మైలుకు రెండు వేల అంగలు పడేలా అతను ముందుగా సాధన చేశాడట. చేతిలోని జపమాలలో నూట ఎనిమిది పూసలకు బదులు నూరే ఉండేవి. వంద అంగలకు ఒక పూస జరిపేవాడు కనుక, చూసేవాళ్లకు అతను జపం చేసుకుంటున్న యాత్రికుడిలాగే కనిపించేవాడు. ఆ కథ తాతయ్యకు చెబితే ఆయన కళ్లు మెరిశాయి. గొలుసు పట్టేటప్పుడు ముందున్న మనిషి ఒక్కో గొలుసుకూ ఒక ఇనుప పుల్ల గుచ్చుతూ పోతే, వెనకున్న మనిషి వాటిని ఏరుకుంటూ వచ్చేవాడని, పది పుల్లలు చేతికొస్తే పది గొలుసులు అయినట్టని, కాబట్టి మధ్యలో ఎవరు పలకరించినా లెక్క చేతిలోనే ఉండేదని చెప్పి, నాయనమ్మను అడిగి గుప్పెడు చింతపిక్కలు ఇప్పించాడు.

ఇక లెక్క తప్పలేదు. పది అంగలకు ఒక పిక్క కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మారింది. మైదానానికి నాలుగు మూలలున్నాయి గానీ అది దీర్ఘచతురస్రం కాదు. కాలువ గట్టు దగ్గర గోడ లోపలికి తిరగడంవల్ల ఎదురెదురు వైపులు సమానంగా లేవు. అందుకని నాలుగు వైపులతోపాటు, గేటు మూల నుంచి ఎదుటి మూలకు అడ్డంగా ఒక కర్ణం కూడా నడిచాడు. గేటు నుంచి మర్రిచెట్టుకు 146, అక్కడినుంచి ఎదుటి మూలకు 92, అక్కడినుంచి గోడవెంట కాలువ మూలకు 134, కాలువవెంట తిరిగి గేటుకు 101, కర్ణం 172. మీటర్లలోకి మారిస్తే 90.1, 56.8, 82.7, 62.3, 106.1. కర్ణం మైదానాన్ని రెండు త్రిభుజాలుగా చీల్చింది కనుక, మూడు భుజాల పొడవుల నుంచే త్రిభుజ వైశాల్యం చెప్పే, ఆ ఏడే నేర్చుకున్న హెరాన్ సూత్రంతో రెంటి వైశాల్యాలూ తేలాయి. కలిపితే 5,131 చదరపు మీటర్లు, అంటే ఎకరం ఇరవై ఆరున్నర సెంట్ల పైచిలుకు. ఆ అంకె కింద చరణ్ రెండు గీతలు గీశాడు.

సోమవారం సరిచూసుకునే వంతు వచ్చింది. మాస్టారు గోడవైపును ఎంచుకున్నారు. టేపు 81.4 మీటర్లు చూపింది. చరణ్ లెక్కలో 82.7 ఉంది. తేడా మీటరుకు పైనే.

ఆ రాత్రి పెన్సిల్ చెక్కుతూ చాలాసేపు కూర్చున్నాడు. 134 అన్న అంకెను చెరిపి 132 అని రాస్తే అంతా కుదిరిపోతుంది, ఎవరూ అడగరు. తాతయ్య పక్కన కూర్చుని పుస్తకంలోకి చూశాడు గానీ, రబ్బరు గురించి ఏమీ అనలేదు.

“మా ఫీల్డు పుస్తకంలో చెరపడం ఉండేది కాదు. తప్పు అనిపిస్తే అడ్డంగా ఒక గీత కొట్టి, పాత అంకె కనపడేలా ఉంచి, పక్కన కొత్తది రాయాలి. ముందు ఇది చెప్పు. ఆ గోడవెంట నేల ఎలా ఉంటుంది?”

చరణ్ కళ్లు మూసుకుని మళ్లీ ఆ గోడవెంట నడిచాడు. వానలకు మోకాలెత్తు గడ్డి పెరిగి, కింద నేల మెత్తబడి, కాలు దిగినప్పుడల్లా చెప్పు కొంచెం వెనక్కి జారడం గుర్తొచ్చింది. తన అంగను గట్టినేల మీదనే అడిగాడు, గడ్డిలో అడగనేలేదు.

మర్నాడు మాస్టారిని అడిగి, ఆ గడ్డిలోనే యాభై మీటర్లు గుర్తుపెట్టించుకుని రెండుసార్లు నడిచాడు. 83 ఒకసారి, 82 ఒకసారి. అంటే గడ్డిలో అతని అంగ 0.606 మీటరు. 134 అంగలకు 81.2 మీటర్లు. టేపుకు ఇరవై సెంటీమీటర్ల తేడా. 82.7 మీద సన్నగా ఒక గీత కొట్టి పక్కన 81.2 రాశాడు. విస్తీర్ణం 5,081 చదరపు మీటర్లకు, సుమారు ఎకరం ఇరవై అయిదున్నర సెంట్లకు దిగింది. ఒక్క వైపులో పొరపాటు మీటరున్నరే అయినా, అది సెంటుకు పైగా నేలను లేనిది ఉన్నట్టు చూపించిందని గమనించి, ఆ వాక్యం కూడా పటం కింద రాశాడు.

పటం అట్ట మీద పూర్తయ్యాక తాతయ్య దాన్ని చాలాసేపు చూసి, “అంగ పక్కన తేదీ లేదేమిరా?” అన్నాడు. “నువ్వు ఎదిగే పిల్లవాడివి. సంక్రాంతికి నీ కాలు ఇది కాదు.” చరణ్ తేదీ వేశాడు: 0.617, గట్టినేల, 10-8-2024. 0.606, గడ్డి, 13-8-2024.

తర్వాత వీధిలో కరెంటు స్తంభం నుంచి యాభై మీటర్లు ఎక్కడికి వస్తాయో చరణ్ తన ఎనభై ఒక్క అంగలతో తేల్చి, సున్నంతో గీత గీశాడు. తాతయ్య కర్ర పట్టుకుని లేచాడు. సర్వీసులో ఉన్నప్పుడు తనకు ఆ దూరానికి అరవై ఆరు అంగలు పట్టేవని, అది ఇన్నేళ్లుగా మరిచిపోలేదని చెప్పి, మనవడి చేతికి చింతపిక్కలిచ్చి బయలుదేరాడు. దారిలో ఇద్దరు పలకరించారు. చరణ్ పిక్కలు జేబు మారుస్తూ, ఒక్కటీ తప్పిపోకుండా వెనకే నడిచాడు. గీత దగ్గరికి చేరేసరికి తొమ్మిది పిక్కలు ఎడమ జేబులో ఉన్నాయి, వాటిపైన ఏడు అంగలు. ఆ రాత్రి పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాడు: తాతయ్య, 97, కర్రతో, 13-8-2024.