మొదటి పీరియడ్ కంటే ముందు టిఫిన్

(గుంటూరు యువ పార్లమెంటులో, ప్రభుత్వ పాఠశాలల్లో ఉచిత అల్పాహారం తీర్మానానికి మద్దతుగా చేసిన ప్రసంగం)

అధ్యక్షా, గౌరవ సభ్యులారా, అందరికీ నమస్కారం.

రాష్ట్రంలోని ప్రతి ప్రభుత్వ పాఠశాలలో, బడి జరిగే ప్రతి రోజూ పిల్లలకు ఉచితంగా టిఫిన్ పెట్టాలన్న తీర్మానాన్ని నేను బలపరుస్తున్నాను. నాకిచ్చిన సమయం తక్కువ. అందుకే ఒక్క లెక్క చెబుతాను, ఒక్క పాప సంగతి చెబుతాను.

ఆ లెక్క ఇది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కోసం 2019లో మన రాష్ట్రంలో ఇళ్ళకు వెళ్ళి, ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల రక్తం పరీక్షించారు. నూటికి 63 మందికి రక్తహీనత ఉందని తేలింది. అన్నపూర్ణ అని పేరు తెచ్చుకున్న రాష్ట్రంలో, అధ్యక్షా, నూటికి 63 మంది!

చాలామంది దీన్ని చంటిపిల్లల లెక్క, అంగన్‌వాడీల లెక్క అనుకుని వదిలేస్తారు. నేను ఒక్క ప్రశ్న అడుగుతాను. 2019లో ఆ వయసున్న పిల్లలు ఇప్పుడెక్కడ ఉన్నారు? మన ప్రాథమిక పాఠశాలల్లో బల్లల మీద కూర్చున్నారు. కొందరు ఈపాటికి ఆరో తరగతికి కూడా వచ్చి ఉంటారు. రక్తం తక్కువైన పిల్లవాడికి తొందరగా అలసట వస్తుంది, ధ్యాస నిలవదు. అలాంటి పిల్లల్ని పొద్దున్నే ఖాళీ కడుపుతో కూర్చోబెట్టి, మధ్యాహ్న భోజనం దాకా పాఠాలు చెబుతున్నాం. ఆ తర్వాత చదువులో ఎందుకు వెనకబడ్డారని పరీక్షలు పెట్టి మరీ అడుగుతున్నాం.

ఇక ఆ పాప సంగతి. మా వీధిలోనే ఉంటుంది. పేరు చెప్పను, అది ఆ పిల్ల సొంతం. నాలుగో తరగతి, ప్రభుత్వ బడి. సాయంత్రం మా ఇంటి అరుగు మీద నా దగ్గర కూర్చుని హోంవర్క్ చేసుకుంటుంది. భాగహారాలు చకచకా చేస్తుంది. శేషం ఎంతో నాకంటే ముందే చెప్పేస్తుంది. అయినా బడిలో లెక్కల పరీక్ష పేపరు తెచ్చి చూపిస్తే సగానికి సగం తప్పులు. అవే భాగహారాలు, అదే పిల్ల! "ఇంట్లో ఎవరో చేసిపెడుతున్నారు" అని బడిలో అన్నారట. ఆ మాటకి ఆ పిల్ల ఎంత ఏడ్చిందో నేను చూశాను.

లెక్కలు ఏ పీరియడ్ అని అడిగాను. మొదటి పీరియడ్ అంది. పొద్దున ఏం తిన్నావమ్మా అంటే, "టీ తాగానక్కా" అంది.

వాళ్ళమ్మ మిరపకాయ కోతకు వెళ్తుంది. సీజన్లో కూలీల ఆటో ఐదున్నరకే వీధి చివరికి వచ్చేస్తుంది. నాన్న మిర్చి యార్డులో ముఠా కూలి. లోడింగ్ ఉన్న రోజు ఎప్పుడు ఇంటికొస్తాడో చెప్పలేం. రాత్రి అన్నం ఏమైనా మిగిలితే, అది అమ్మ క్యారియర్లోకి వెళ్తుంది. నువ్వు కొంచెం ఉంచమని అడగొచ్చు కదా అన్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల నాతో ఏమందో తెలుసా, అధ్యక్షా? "అమ్మ ఎండలో కోయాలి కదక్కా. నాకు మధ్యాహ్నం బడిలో పెడతారుగా."

ఇంట్లో ఎవరి ఆకలి ముందో, ఎవరి ఆకలి తర్వాతో ఆ పిల్ల లెక్క వేసుకుంది. మనం వేయాల్సిన లెక్క అది.

ఇప్పుడు ఎదుటి పక్షం మిత్రుల అభ్యంతరాలకు వస్తాను. పిల్లలకు టిఫిన్ పెట్టడం తల్లిదండ్రుల బాధ్యత అన్నారు. తెల్లారకముందే ఆటో ఎక్కే తల్లికి బాధ్యత లేదని ఈ సభలో ఎవరైనా నిలబడి అనగలరా? 'తల్లికి వందనం' డబ్బులు ఇస్తున్నాం కదా అని ఇంకొకరన్నారు. మంచిదే, ఇవ్వాలి. కానీ ఆ ఇంట్లో కొరత డబ్బు ఒక్కటే కాదు, పొయ్యి వెలిగించే సమయం కూడా. ఏటా ఒకసారి బ్యాంకులో పడే డబ్బు ప్రతి పొద్దునా పొయ్యి ముందు నిలబడలేదు.

రాగిజావ ఇస్తున్నాం కదా అన్నారు. అవును, 2023 మార్చిలో వారానికి మూడు రోజుల చొప్పున మొదలుపెట్టారు. అది మంచి పని. నేను దాన్ని తక్కువ చేయను, నిజానికి నా వాదనకి బలం అదే. పొద్దున్నే బడిలో పిల్లలకు ఏదైనా పెట్టగలం అని అదే రుజువు చేసింది. అయితే ఆకలి మిగతా రోజుల్లో సెలవు పెట్టదు, గ్లాసుడు జావ టిఫిన్‌తో సమానం కాదు.

టిఫిన్ ఒక్కటే రక్తహీనతకు మందు అని నేను అనడం లేదు. నులిపురుగుల మాత్ర కావాలి, ఐరన్ మాత్ర కావాలి. కానీ బడిలో వారానికోసారి ఇచ్చే ఆ ఐరన్ మాత్ర తిన్న తర్వాత వేసుకోవాలి; ఖాళీ కడుపున వేస్తే వికారం పుట్టి పిల్లలు పారేస్తారు. పైగా పొద్దున తాగే టీ, తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. మన పేద పిల్లల్లో ఎంతోమందికి ఆ టీయే టిఫిన్. టీ గ్లాసు స్థానంలో ప్లేటు ఉప్మా పెట్టినా, పెసరపప్పు వేసిన కిచిడీ పెట్టినా, ఆకుకూర కలిపిన రాగి దోసె పెట్టినా ఆ మాత్ర కూడా పనిచేస్తుంది.

ఇది కుదిరే పనేనా అంటే, పక్క రాష్ట్రం చేసి చూపించింది. తమిళనాడు 2022 సెప్టెంబరులో 1,545 పాఠశాలలతో మొదలుపెట్టి, ఏడాది తిరక్కుండానే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ విస్తరించింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా మధ్యాహ్న భోజనంతో పాటు ఉదయం అల్పాహారం ఉండాలని చెప్పింది. పోషకాలున్న టిఫిన్ తిన్నాక కష్టమైన సబ్జెక్టులు బాగా ఎక్కుతాయని రాసింది. మా వీధి పాప భాగహారాలు చెప్పిందీ అదే.

ఖర్చవుతుంది, దాచను. అందుకే తీర్మానానికి ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను. మొదటి దశలో ప్రాథమిక పాఠశాలలు తీసుకుందాం. వాటిలోనూ తల్లులు పొద్దున్నే కూలికి వెళ్ళే మండలాలు, పట్టణాల్లోని పేదల వాడలు ముందు. గుంటూరు జిల్లాలో మిరప కోతలు మొదలయ్యేలోపే పొయ్యి వెలగాలి. రెండో మాట వంట చేసే అమ్మల గురించి. ఇప్పుడు నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంతో మధ్యాహ్న భోజనం వండుతున్నది వాళ్ళే. అదే డబ్బుకి తెల్లవారుజామున వచ్చి టిఫిన్ కూడా చేయమంటే అది అన్యాయం. ఒక పేద తల్లి శ్రమ దోచి ఇంకో పేద తల్లి బిడ్డకి పెట్టకూడదు. టిఫిన్‌కి వేరే వేతనం, సరుకుల బిల్లులు నెలనెలా చెల్లింపు అని తీర్మానంలోనే రాద్దాం. ఈ పని టీచర్ల నెత్తిన కూడా వేయొద్దు.

మన బడి భోజన పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం. గోదావరి లంకల్లో ఆ తల్లి ఆకలితో వచ్చినవాళ్ళకి వేళ చూడకుండా వండిపెట్టారు. ఆమె పేరున్న పథకం మధ్యాహ్నం దాకా ఆగమని పిల్లలకు చెప్పకూడదు.

ఈ సవరణతో కలిపి తీర్మానాన్ని ఓటింగుకు పెట్టాలని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. పార్టీలకు అతీతంగా అందరూ అనుకూలంగా ఓటు వేయాలని గౌరవ సభ్యులను అభ్యర్థిస్తున్నాను. ధన్యవాదాలు.