పేరు తెలియని మీ ఇంటివారికి

ఫొటోలో ఉన్నది మా నాయన. దామలచెరువు దగ్గర మా మామిడితోటలో, మోటారు గది పక్కన నిలబడి, ఇత్తడి చెంబు ఎత్తి గటగటా నీళ్లు తాగుతున్నారు. చూసేవారికి ఇందులో విశేషమేమీ కనిపించకపోవచ్చు. నాలుగేళ్లపాటు ఆయనకు రోజుకు ఇన్ని గ్లాసులని కొలిచి పోసిన మా అమ్మకు మాత్రం, ఆ చెంబు ఖాళీ అయ్యేదాకా రెప్ప వేయబుద్ధి కాలేదు.

నాయనకు కిడ్నీ మార్పిడి జరిగి ఈ రోజుకు ఏడాది. అంటే మీ ఇంట్లోని మనిషి మీకు దూరమై కూడా ఏడాదే అయింది. ఈ రెండింటినీ విడదీసి ఒక్క సంతోషాన్నే చెప్పుకోవడం మాకు చేతకాదు కాబట్టి, ఈ నాలుగు మాటలు మీకే రాస్తున్నాను.

వారానికి మూడు రోజులు తెల్లవారుజామునే తిరుపతికి బయలుదేరి, నాలుగేసి గంటలు డయాలసిస్ మీద ఉండి, సాయంత్రానికి వాడిపోయిన ముఖంతో ఇల్లు చేరేవారు నాయన. పొటాషియం పెరుగుతుందని మామిడిపండు వద్దన్నారు. తోట నిండా కాయలుండగా, కోతకు వచ్చిన కూలీలకు తన చేత్తోనే పండ్లు ఏరి ఇచ్చి, తాను మాత్రం ఒక ఐసుముక్క నోట్లో పెట్టుకుని కూర్చునేవారు. అవయవదానాన్ని చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదైంది. ఒకసారి పిలుపు వచ్చి వెళ్లాం, రక్తపరీక్షలో సరిపోలేదని వెనక్కి వచ్చాం. రెండోసారి ఫోను రాత్రి పదకొండు దాటాక వచ్చింది. ఏమీ తినకుండా, తాగకుండా వెంటనే రమ్మన్నారు. ఆ రాత్రి మేము సంతోషపడ్డాం. అదే సమయంలో మరో ఇంట్లో ఏం జరుగుతూ ఉండి ఉంటుందన్న ఆలోచన, కారు పాకాల దాటేదాకా మాలో ఎవరికీ రాలేదు. ఈ మాట మీ దగ్గర దాచడం ధర్మం కాదనిపించి చెబుతున్నాను.

జీవన్మృతి, అంటే బ్రెయిన్ డెత్, నిర్ధారణ ఎలా చేస్తారో తర్వాత తెలుసుకున్నాను. నలుగురు వైద్యుల బృందం ఒకసారి పరీక్షించి, కనీసం ఆరు గంటలు ఆగి, మళ్లీ పరీక్షించిన తరువాతే నిర్ధారిస్తారట. వెంటిలేటరు వల్ల ఛాతీ కదులుతూ ఉండగా, చేయి పట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉండగా, మనిషి ఇక లేరన్న మాటను మీరు విని, నమ్మి, అంత దుఃఖంలోనూ ముక్కూమొహం తెలియని వారి కోసం సంతకం పెట్టారు. మా ఇంట్లో అలాంటి ఘడియ వచ్చి ఉంటే మేము ఆ సంతకం పెట్టగలిగేవాళ్లమా అని నాయన ఒకరోజు అడిగారు. ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం.

మీరు పోగొట్టుకున్నది కొడుకునో కూతురినో, భర్తనో తల్లినో మాకు తెలియదు. దాత వివరాలు గోప్యంగా ఉంచడమే పద్ధతి, అదే మంచిది కూడా. మీ మనిషి మా నాయనలో బతికే ఉన్నారని నేను అనను. అలా అనుకుంటే ఊరట కలుగుతుందో, గాయం రేగుతుందో తేల్చుకోవలసింది మీరు. నేను చెప్పగలిగింది మా ఇంటి సంగతి మాత్రమే. ఉదయం తొమ్మిదికీ, రాత్రి తొమ్మిదికీ ఫోనులో అలారం మోగుతుంది; ఏ పనిలో ఉన్నా వదిలి నాయన మాత్ర వేసుకుంటారు. ఒక్క పూట తప్పినా మీకు అపచారం చేసినట్టేనని ఆయన పట్టుదల. డాక్టరు సరేనన్నాక ఈ జూన్‌లో మొదటి తోతాపురి కోసి, ఒక్క ముక్క తిన్నారు. మిగతాది అమ్మ చేతిలో పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

ఈ ఉదయం గుడిలో మీ పేరున అర్చన చేయించబోతే పూజారి గోత్రనామాలు అడిగారు. తెలియవు స్వామీ అన్నాను. సంగతి విని ఆయన ఒక్క క్షణం ఆగి, ‘సహకుటుంబానాం’ అని చదివి మంత్రం కొనసాగించారు.

మీకు మా కృతజ్ఞతలు. నాయన స్వయంగా రాసిన ఉత్తరం ఒకటి, మా పేరూ ఊరూ లేకుండా, ఆసుపత్రిలోని కోఆర్డినేటరుకు అప్పగించాం. చదవాలని మీకు ఎప్పుడు అనిపిస్తే అప్పుడు అడిగి తీసుకోండి, ఎప్పటికీ అనిపించకపోయినా మాకు ఏ వెలితీ లేదు, జవాబు రాయవలసిన పని అసలే లేదు. మా బంధుమిత్రులకు ఒక్క మనవి: ఆ రోజుల్లో ఎక్కడ ఏ ప్రమాదం జరిగిందో లెక్కలు వేసి, ఈ కుటుంబం ఎవరో ఊహించే ప్రయత్నం దయచేసి చేయకండి.